పాత ఫోన్ కొంటున్నారా? ముప్పావుగంట పట్టుకుని వెళ్లండి

మా మేనల్లుడు డిగ్రీ రెండో సంవత్సరం. ఉన్న ఫోన్ బస్సులో పడి పగిలిపోయింది. కొత్తది కొనే స్తోమత లేదు. కూకట్‌పల్లిలో ఒక హాస్టల్ కుర్రాడు తన ఫోన్ అమ్ముతున్నాడని తెలిసి, "మావయ్యా, తొమ్మిదివేల ఐదొందలట, మూడేళ్ల ఫోను, గీత కూడా పడలేదంటున్నాడు, నువ్వొకసారి వచ్చి చూస్తావా?" అని అడిగాడు. వస్తానన్నాను. అయితే వాడితో ముందుగా ఒక పని చేయించాను. ఆ కుర్రాడికి ఫోన్ చేసి, వచ్చేటప్పుడు ఛార్జింగ్ నింపుకుని రావద్దనీ, ముప్పై నలభై శాతం ఉంటే చాలనీ చెప్పమన్నాను.

దానికి కారణం ఉంది. చేతులు మారే ఫోన్ సాధారణంగా తళతళలాడుతూ వస్తుంది. వంద శాతం ఛార్జింగ్, కొత్త టెంపర్డ్ గ్లాస్, కొత్త కవర్, పూర్తి వెలుతురులో పెట్టిన డిస్‌ప్లే. ఇవన్నీ మోసం చేయాలని చేసేవే కానక్కర్లేదు, అమ్మే వస్తువును తుడిచి పెట్టడం ఎవరైనా చేసేదే. కానీ పాత ఫోన్‌లో లోపాలు దాక్కునేది సరిగ్గా అక్కడే. అరిగిన బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు బాగానే నడుస్తుంది. మరకపడ్డ డిస్‌ప్లే పూర్తి వెలుతురులో రంగురంగుల బొమ్మ మీద కనిపించదు. వదులైన బోర్డు ఫోన్ చల్లగా ఉన్నంతసేపూ పనిచేస్తుంది. అందుకే ఫోన్‌ని దానికి అనుకూలమైన స్థితి నుంచి బయటికి తెచ్చి చూడాలి. ఛార్జింగ్ తక్కువగా ఉండాలి, వెలుతురు తగ్గించాలి, ఒంటికి కాస్త వేడి పుట్టించాలి. ముప్పావుగంట చాలు.

మేం వెంట తీసుకెళ్లినవి కూడా చెబుతాను. మావాడి సిమ్, ఆ ఫోన్‌కి సరిపడే ఫాస్ట్ ఛార్జర్, మంచి సి-టైప్ కేబుల్, ఫోన్‌కి తగిలించే చిన్న పెన్‌డ్రైవ్, సిమ్ తీసే పిన్ను, ఒక తువ్వాలు. తువ్వాలెందుకో ముందుకు పోతే తెలుస్తుంది.

హాస్టల్ కింద టీకొట్టు దగ్గర కూర్చున్నాం. "తమ్ముడూ, కవర్, పైన అంటించిన గ్లాస్ తీసి చూడొచ్చా?" అని అడిగాను. కుర్రాడు కాస్త తటపటాయించాడు. గ్లాస్ పాడైతే కొత్తది మేమే వేయించుకుంటామని చెబితే ఒప్పుకున్నాడు. ఇది తప్పనిసరిగా అడగాల్సిన మాట. వెంట్రుకవాసి పగుళ్లు, మూలల్లో దెబ్బలు టెంపర్డ్ గ్లాస్ కింద కనపడవు. గ్లాస్ తీయనివ్వనని గట్టిగా అంటే నేనైతే అక్కడితో లేచి వచ్చేస్తాను. తీశాక ఫోన్‌ని కంటికి అడ్డంగా, ఏటవాలుగా పట్టుకుని వెలుతురు జారేలా చూడాలి. ఎదురుగా చూస్తే కనపడని పగులు పక్కనుంచి చూస్తే మెరుస్తుంది. అదే చూపులో ఫ్రేమ్‌కీ డిస్‌ప్లేకీ మధ్య సందు అంతటా ఒకేలా ఉందో లేదో గమనించాలి. ఒకవైపు సందు ఎక్కువగా ఉంటే ఫోన్ ఎప్పుడో విప్పారని గానీ, లోపల బ్యాటరీ ఉబ్బిందని గానీ అర్థం. అనుమానంగా ఉంటే ఫోన్‌ని అద్దం బల్ల మీద బోర్లా పెట్టి మూలలు నొక్కండి. పైకీ కిందికీ ఊగితే, లేదా బొంగరంలా తేలిగ్గా తిరిగితే ఫోన్ ఎక్కడో ఉబ్బినట్టే. ఉబ్బిన బ్యాటరీ ఉన్న ఫోన్‌కి బేరం ఉండదు. ఎంత తక్కువకిచ్చినా వద్దు.

తర్వాత డిస్‌ప్లే. ఇప్పుడు చాలా ఫోన్లలో ఉండేది అమోలెడ్ డిస్‌ప్లే. ఇందులో ప్రతి చుక్కా తన వెలుగు తనే ఇస్తుంది. వెనక వేరే దీపం ఉండదు. ఎక్కువసేపు వెలిగిన చుక్క త్వరగా అరుగుతుంది. కీబోర్డు, పైన గడియారం, కింద బటన్లు రోజంతా ఒకేచోట కనిపిస్తాయి కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ వాటి నీడ డిస్‌ప్లే మీద నిలిచిపోతుంది. దీన్నే బర్న్-ఇన్ అంటారు. తెల్లటి తెర మీద అది అంతగా తెలియదు. బూడిద రంగు మీద, సగం వెలుతురులో బాగా తెలుస్తుంది. అందుకని ఏ అక్షరాలూ లేని రంగు బొమ్మలు ఒక్కొక్కటి తయారుచేసుకుని వెళ్లాలి: బూడిద, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు. బ్లూటూత్‌లో ఆ ఫోన్‌లోకి పంపి, తెర నిండుగా తెరిచి చూడాలి. శామ్‌సంగ్ ఫోన్లలో డయలర్‌లో `*#0*#` కొడితే రంగులూ, టచ్, స్పీకర్, సెన్సర్లూ పరీక్షించే పేజీ తెరుచుకుంటుంది. షావొమీ, రెడ్‌మీల్లో అలాంటి దానికి `*#*#6484#*#*`. అవి తెరుచుకోకపోతే రంగు బొమ్మలు ఎలాగూ ఉన్నాయి.

మేం చూసిన ఫోన్‌లో బూడిద రంగు మీద కింది సగంలో కీబోర్డు గళ్లు లీలగా కనిపించాయి. మావాడికి మొదట కనపడలేదు. కళ్లు కొంచెం దూరం పెట్టి చూడమంటే పట్టుకున్నాడు. అది పెద్ద లోపం కాదు, మూడేళ్ల ఫోన్‌కి మామూలే. అయితే అది రోజువారీ వాడకంలో కనిపిస్తుందా లేదా అన్నదే కొలత. వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో కనపడలేదు కాబట్టి పక్కన పెట్టాం. ఎరుపు, నీలం బొమ్మల మీద చుక్కలు, గీతలు ఏమీ లేవు. సన్నటి ఆకుపచ్చ గీతగానీ గులాబీ గీతగానీ నిలువునా ఉంటే మాత్రం ఆ డిస్‌ప్లే చివరి రోజుల్లో ఉన్నట్టు. ఒక గీత వచ్చాక రెండోది రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

తువ్వాలు ఇప్పుడు కావాలి. వెలుతురు పూర్తిగా తగ్గించి, తల మీదుగా తువ్వాలు కప్పుకుని, ఆ చీకట్లో నల్ల బొమ్మ తెరవాలి. టీకొట్టు దగ్గర అందరూ వింతగా చూస్తారు, ఫరవాలేదు. అసలైన అమోలెడ్ అయితే నల్లరంగు దగ్గర చుక్కలు ఆరిపోతాయి. ఫోన్ ఆపేసినట్టే ఉంటుంది. తెర మొత్తం మసక బూడిదగా వెలుగుతూ ఉంటే ఆ ఫోన్‌కి ఎప్పుడో చౌక ఎల్‌సీడీ కాపీ డిస్‌ప్లే వేశారు. కంపెనీ నుంచి ఆ మోడల్ అమోలెడ్‌తోనే వచ్చిందని ముందే తెలుసుకుని ఉంటేనే ఈ పరీక్ష పనికొస్తుంది. రిపేర్ షాపుల్లో ఫోల్డర్ అనీ కాంబో అనీ పిలిచే ఈ డిస్‌ప్లే-టచ్ జంటలో కాపీకీ ఒరిజినల్‌కీ ధరలో చాలా తేడా ఉంటుంది కాబట్టి చాలామంది కాపీతోనే సరిపెట్టుకుంటారు. కాపీ వేసిన ఫోన్‌లో డిస్‌ప్లే చుట్టూ నల్ల అంచు మందంగా, ముఖ్యంగా కింద గడ్డం దగ్గర వెడల్పుగా కనిపిస్తుంది. ఎండలో చదవలేం. డిస్‌ప్లే లోపల వేలిముద్ర ఉన్న మోడళ్లలో ఎల్‌సీడీ వేస్తే వేలిముద్ర పనిచేయడం మానేస్తుంది. అందుకే అమ్మేవాళ్లు "వేలిముద్ర నేను వాడను, అందుకే పెట్టుకోలేదు" అంటే నమ్మకుండా మీ వేలు నమోదు చేసి చూడండి. అదే చీకట్లో, అతి తక్కువ వెలుతురులో బూడిద బొమ్మ మరోసారి తెరిస్తే డిస్‌ప్లేలో ఆకుపచ్చ, గులాబీ మచ్చలేమైనా ఉంటే బయటపడతాయి.

టచ్ పరీక్షకు సులువైన పద్ధతి ఒకటి ఉంది. ఏదైనా యాప్ గుర్తును వేలితో నొక్కిపట్టి, వేలు ఎత్తకుండా తెర అంతటా, అంచుల వెంబడి, నేల అలికినట్టు తిప్పాలి. మధ్యలో ఎక్కడైనా గుర్తు వేలిని వదిలేస్తే అక్కడ టచ్ చచ్చిపోయింది. మేం దీన్ని ఒకసారి మామూలుగా, ఒకసారి ఛార్జర్ తగిలించి చేశాం. ఛార్జర్ పెట్టినప్పుడు మాత్రమే తెర దానంతటదే కదిలే ఫోన్లు ఉంటాయి. నాసిరకం డిస్‌ప్లే వేసినవాటిలో ఇది ఎక్కువ. ఛార్జర్ తీయగానే మళ్లీ బుద్ధిగా ఉంటుంది కాబట్టి కొన్నాక ఇంటికెళ్లే దాకా తెలియదు.

బ్యాటరీ దగ్గర అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు, "ఎంతసేపు వస్తుంది?" అని. అమ్మేవారి జవాబు కూడా ఒకటే, "రోజంతా." ఆ జవాబుతో పనిలేకుండా చూసుకునే దారులున్నాయి. ఐఫోన్‌లో ఇది తేలిక. సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ అన్నచోట కొత్తప్పటితో పోలిస్తే ఎంత సామర్థ్యం మిగిలిందో శాతంగా ఉంటుంది. ఎనభై శాతం కంటే దిగిందంటే మార్చాల్సిన వేళైందని యాపిల్ లెక్క. ఐఫోన్ 14, అంతకుముందు మోడళ్ల బ్యాటరీలు మామూలు వాడకంలో 500 పూర్తి ఛార్జ్‌ల తర్వాత, ఐఫోన్ 15 మోడళ్లవి 1000 ఛార్జ్‌ల తర్వాత ఎనభై శాతం నిలుపుకునేలా తయారవుతాయని ఆ కంపెనీ చెబుతుంది. నాలుగేళ్ల ఐఫోన్ వంద శాతం చూపిస్తే సంబరపడకుండా `Settings > General > About` లోకి వెళ్లండి. ఏ భాగమైనా మార్చి ఉంటే విడిభాగాల చరిత్ర అక్కడ కనిపిస్తుంది. బ్యాటరీ గానీ డిస్‌ప్లే గానీ అసలైనది కాకపోతే `Unknown Part` అని ఉంటుంది. పాత మోడళ్లలో అన్ని భాగాలకూ ఈ సమాచారం రాదు.

ఆండ్రాయిడ్‌లో చాలా ఫోన్లు అలా నేరుగా చెప్పవు. పరీక్ష మనమే పెట్టాలి. లిథియం బ్యాటరీ పాతబడితే రెండు జరుగుతాయి. పట్టే విద్యుత్ తగ్గుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. రెండోదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. నిరోధం పెరిగిన బ్యాటరీ నుంచి ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్ లాగితే ఓల్టేజీ కూలిపోతుంది. ఇరవై, పాతిక శాతం ఉందని చూపిస్తున్న ఫోన్ కెమెరా తెరవగానే ఆరిపోయేది అందుకే. ఛార్జింగ్ తక్కువగా ఉన్నప్పుడు ఈ బలహీనత ఇంకా త్వరగా బయటపడుతుంది. కుర్రాడిని నిండా ఛార్జ్ చేసుకుని రావద్దన్నది ఇందుకోసమే.

మా ఫోన్ 34 శాతంతో వచ్చింది. టచ్ కోసం ఛార్జర్ పెట్టక ముందే, డిస్‌ప్లే వెలుతురు పూర్తిగా పెంచి, ఫ్లాష్ వెలిగించి, వీడియో తీయడం మొదలుపెట్టాం. పది నిమిషాలు ఆపకుండా. అది 5000 ఎంఏహెచ్ బ్యాటరీ. బ్యాటరీ బాగుంటే ఇంత పనికి నాలుగైదు శాతం తగ్గాలని నేను పెట్టుకున్న కొలత. ఇది ఏడు శాతం తగ్గి 27 దగ్గర ఆగింది. మధ్యలో 31 నుంచి ఒక్కసారే 29కి దూకింది. అంకె అలా మెట్లు దూకితే బ్యాటరీ గురించి ఫోన్ వేసుకున్న అంచనా నిజంతో కలవడం లేదని అర్థం.

అనుమానం వచ్చాక లెక్క కట్టాం. ఆక్యూబ్యాటరీ అనే ఉచిత యాప్ వేసి, మా ఛార్జర్ తగిలించి, ఫోన్ పక్కన పెట్టి టీ తాగాం. టచ్ పరీక్ష మధ్యలోనే కానిచ్చాం. 27 నుంచి 42 శాతానికి, అంటే 15 శాతం ఎక్కడానికి 570 ఎంఏహెచ్ లోపలికి వెళ్లిందని యాప్ చూపించింది. పదిహేను శాతానికి 570 అయితే వంద శాతానికి 3800. కొత్తప్పుడు పట్టేది 5000. అంటే మిగిలింది 76 శాతం. ఈ లెక్క తూకం రాళ్లతో తూచినంత కచ్చితం కాదు. ఫోన్ శాతాన్ని ముక్కలు లేని అంకెగానే చూపిస్తుంది కాబట్టి నిజంగా ఎక్కింది పద్నాలుగో పదహారో కావచ్చు. అలా చూస్తే మిగిలిన సామర్థ్యం 71, 81 శాతాల మధ్య ఎక్కడో ఉంటుంది. బేరానికి అంత తెలిస్తే సరిపోతుంది. బ్యాటరీ అలిసిపోయింది, ఏడాదిలోపు మార్చక తప్పదు.

కుర్రాడు తప్పు ఒప్పుకోవాల్సిన పని ఏమీ లేదు. మూడేళ్లు వాడిన బ్యాటరీ అరగడం సహజం. నేను ఫోన్‌లో అంకె చూపించి, "బ్యాటరీ మార్పించుకోవాలి తమ్ముడూ, అది ధరలో చూద్దాం" అన్నాను, అంతే.

ఛార్జింగ్ పిన్ సంగతి ఛార్జర్ తగిలిస్తున్నప్పుడే బయటపడింది. మావాడు కేబుల్ పెట్టాడు, ఛార్జింగ్ ఎక్కుతున్న గుర్తు రాలేదు. వాడు కేబుల్ తీసి తిప్పి పెట్టాడు, వచ్చింది. కుర్రాడు "అది అంతే అన్నా, ఒకవైపే తీసుకుంటుంది" అన్నాడు మామూలుగా. సి-టైప్ పిన్ ఎటు పెట్టినా పనిచేసేలా తయారైంది. అందులో 24 సన్నటి కాళ్లు పైవరుసలో పన్నెండు, కిందివరుసలో పన్నెండుగా ఉంటాయి. ఒకవైపే పనిచేస్తోందంటే ఒక వరుసలో ఏదో కాలు విరగడమో, తుప్పు పట్టడమో, దుమ్ముతో కప్పుకుపోవడమో జరిగింది. మేం సన్నటి వెదురు పుల్లతో, ఫోన్ ఆపేసి, లోపల చూస్తే జేబులో నూలుపోగులు కొంత వచ్చాయి. గుండుసూది, సేఫ్టీపిన్ను లాంటి లోహపు వస్తువులు మాత్రం అందులో పెట్టకూడదు, ఉన్న కాళ్లు కూడా వంగుతాయి. నూలు తీసినా ఒకవైపే పనిచేసింది. అంటే సీసీ బోర్డు మార్చాలి. ఛార్జింగ్ పిన్ ఉండే ఈ చిన్న బోర్డు చాలా ఫోన్లలో విడిగా వస్తుంది, పెద్ద ఖర్చు కాదు. కానీ కొన్ని మోడళ్లలో పిన్ నేరుగా మెయిన్ బోర్డుకే అతికి ఉంటుంది. అప్పుడు పని కష్టం. ఏది ఎలాంటిదో రిపేర్ చేసేవాళ్లకి మోడల్ చెబితే తెలుస్తుంది.

పిన్ దగ్గర మరో రెండు సంగతులు చూడాలి. ఒకటి, ఫాస్ట్ ఛార్జింగ్ అని తెర మీద వస్తోందా లేదా. మామూలు ఛార్జింగ్ ఎక్కుతూ ఫాస్ట్ రాకపోతే ఫోన్‌కీ ఛార్జర్‌కీ మధ్య మాట నడవడం లేదు. అది పిన్ లోపమైనా కావచ్చు, ఛార్జర్ సరిపడకపోవడమైనా కావచ్చు. అందుకే సరైన ఛార్జర్ వెంట ఉండాలి. రెండోది, పెన్‌డ్రైవ్ తగిలిస్తే అందులోని ఫైళ్లు తెరుచుకుంటున్నాయా అన్నది. కొన్ని ఫోన్లలో ఓటీజీని సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తేనే పెన్‌డ్రైవ్ కనిపిస్తుంది. ఛార్జింగ్ ఎక్కే కాళ్లు వేరు, సమాచారం వెళ్లే కాళ్లు వేరు. చాలామంది ఛార్జింగ్ ఎక్కితే పిన్ బాగున్నట్టే అనుకుని, కంప్యూటర్‌కి ఫొటోలు పంపాల్సి వచ్చిన రోజున తెలుసుకుంటారు. ఇయర్‌ఫోన్ రంధ్రం ఉన్న ఫోన్ అయితే ఇయర్‌ఫోన్ పెట్టి, తీసి చూడాలి. తీశాక కూడా పైన ఇయర్‌ఫోన్ గుర్తు పోకపోతే లోపల చెమ్మ గానీ తుప్పు గానీ ఉంది.

చెమ్మ మాట వచ్చింది కాబట్టి సిమ్ ట్రే గురించి ఇక్కడే చెబుతాను. ట్రే తీసి రంధ్రంలోకి టార్చ్ వేసి చూడండి. ఐఫోన్లలోనూ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ అక్కడ చిన్న తెల్ల చుక్క ఉంటుంది. నీరు తగిలితే అది ఎర్రబడుతుంది. ఎర్రగా ఉంటే ఫోన్ తడిసింది, ఈరోజు పనిచేస్తున్నా లోపల తుప్పు తన పని తను చేసుకుపోతూ ఉంటుంది. "వాటర్‌ప్రూఫ్ మోడల్ అండీ" అన్న మాట మూడేళ్ల ఫోన్‌కి చెల్లదు. నీరు ఆపే జిగురు కాలంతో బలహీనపడుతుంది. ఒకసారి విప్పిన ఫోన్ అయితే, తిరిగి సరిగా అతికిస్తే తప్ప, ఆ రక్షణ లేనట్టే.

ట్రే తీసినప్పుడే మావాడి సిమ్ మొదటి స్లాట్‌లో, తర్వాత రెండో స్లాట్‌లో పెట్టి చూశాం. రెండు చోట్లా 4జీ, 5జీ వచ్చి, కాల్ వెళ్లాలి. కాల్ చేసేటప్పుడే సెన్సర్లలో ముఖ్యమైనదాన్ని పరీక్షించుకోవచ్చు. ఫోన్ చెవి దగ్గర పెట్టగానే తెర ఆరిపోవాలి, తీయగానే వెలగాలి. దీన్ని చూసుకునేది ప్రాక్సిమిటీ సెన్సర్. డిస్‌ప్లే మార్చినప్పుడు ఎక్కువగా దెబ్బతినేది ఇదే. ఇది చెడితే మాట్లాడుతుండగా చెంప తగిలి కాల్ మ్యూట్ అవుతుంది, హోల్డ్‌లోకి పోతుంది. అదే కాల్‌లో ఒకసారి మామూలుగా, ఒకసారి స్పీకర్ పెట్టి మాట్లాడి, అవతలివాళ్లకి రెండుసార్లూ స్పష్టంగా వినపడిందా అని అడగాలి. మామూలుగా మాట్లాడేటప్పుడు కింది మైక్ పనిచేస్తుంది. స్పీకర్ పెట్టినప్పుడు చాలా ఫోన్లు పై మైక్‌ని కూడా వాడతాయి. ఒకటి చచ్చిపోయినా మరొకదానితో నెట్టుకొచ్చేవాళ్లు ఉంటారు.

మిగతా సెన్సర్లకి పెద్దగా సమయం పట్టదు. గూగుల్ మ్యాప్స్ తెరిచి ఆరుబయట నిలబడి చుట్టూ తిరిగితే నీలి చుక్క ముందున్న కిరణం మనతో పాటు తిరగాలి. అది తిరగకపోతే దిక్సూచి గానీ గైరోస్కోప్ గానీ పనిచేయడం లేదు. వెనక అయస్కాంతం ఉన్న కవర్ ఉంటే తీసేశాకే ఈ పరీక్ష చేయండి. వెలుతురు సెన్సర్ ముందు పైభాగాన్ని బొటనవేలితో మూసి చూస్తే తెర మసకబారాలి.

కెమెరా దగ్గర మాత్రం కాస్త ఆగాలి. మనవాళ్లు బైక్ హ్యాండిల్‌కి ఫోన్ బిగించి మ్యాప్ చూసుకుంటూ వెళ్లడం ఎక్కువ. డెలివరీ పని చేసేవాళ్ల ఫోన్లు రోజంతా అక్కడే ఉంటాయి. ఖరీదైన ఫోన్ల కెమెరాలో చేయి వణికినా ఫొటో కదలకుండా కటకాన్ని సర్దే చిన్న యంత్రాంగం ఉంటుంది. శక్తిమంతమైన మోటార్‌సైకిల్ ఇంజిన్ల కంపనం తన ఐఫోన్లలోని ఆ యంత్రాంగాన్ని దెబ్బతీయొచ్చని యాపిల్ 2021లో వాడకందారులకి హెచ్చరిక ఇచ్చింది. వీడియో పెట్టి దగ్గర్లోని అక్షరాల మీదికి, దూరంలోని బోర్డు మీదికి మార్చి మార్చి చూడండి. బొమ్మ జెల్లీలా ఊగినా, స్పష్టంగా కుదురుకోకపోయినా, లోపల కటకట శబ్దం ఆగకుండా వస్తున్నా ఆ కెమెరా దెబ్బతింది. తర్వాత తెల్ల గోడ మీద ప్రతి కెమెరాతోనూ ఒక్కో ఫొటో తీస్తే కటకం లోపలి దుమ్ము, బూజు మచ్చల్లా కనిపిస్తాయి.

వీడియో పరీక్ష పది నిమిషాలు పెట్టడానికి ఇంకో లాభం ఉంది. ఫోన్ వేడెక్కుతుంది. మెయిన్ బోర్డు మీద టంకం వదులైన ఫోన్లలో చల్లగా ఉన్నప్పుడు వైఫై పనిచేస్తుంది, వేడెక్కాక ఆన్ చేయబోతే బటన్ కదలదు. అందుకే వైఫై, బ్లూటూత్ మొదట్లో ఒకసారి, వేడెక్కాక మరోసారి చూడాలి. మా ఫోన్ ఈ విషయంలో గట్టిగానే నిలబడింది.

దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో రీఫర్బిష్డ్ అని అమ్మే ఫోన్లకి కూడా ఇదే పరీక్ష. రీఫర్బిష్డ్ అన్న మాటకీ, వాళ్లు పెట్టే గ్రేడ్లకీ అన్ని కంపెనీలకూ కలిపి ఒకే కొలత లేదు. ఒకచోట మొదటి గ్రేడ్ అన్నది మరోచోట రెండోది కావచ్చు. అందువల్ల గ్రేడ్ చూడకుండా రెండు ప్రశ్నలు అడగండి: ఏ భాగాలు మార్చారు, వారంటీలో బ్యాటరీ, డిస్‌ప్లే ఉన్నాయా లేవా. జవాబు బిల్లు మీద రాతగా ఉండాలి. ఇంటికి వచ్చే ఫోన్ అయితే పెట్టె విప్పడం దగ్గర్నుంచి వీడియో తీయండి. వెనక్కి ఇవ్వగలిగిన గడువు మొదటి రోజునే ఈ పరీక్షలన్నీ ముగించండి.

మా బేరానికి వస్తే, తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేసి మోడల్ చెప్పాం. బ్యాటరీకి 1600, సీసీ బోర్డుకి 600 అన్నాడు. తొమ్మిదివేల ఐదొందల్లోంచి ఆ 2200 తీసేస్తే 7300. కుర్రాడు కాసేపు ఆలోచించి, "ఏడున్నర చేయండన్నా" అన్నాడు. అది న్యాయమనిపించింది. ఒప్పుకున్నాం.

అయినా అప్పుడే డబ్బు పంపలేదు. డయలర్‌లో `*#06#` కొట్టి 15 అంకెల ఐఎంఈఐ నంబర్ చూశాం. బిల్లు మీద ఉన్నదానితో అంకె అంకె సరిచూశాం. కుర్రాడు బిల్లు తన మెయిల్‌లోంచి తీసి చూపించాడు. తర్వాత `KYM` అని టైప్ చేసి, చోటు వదిలి, ఆ 15 అంకెలు రాసి `14422` కి ఎస్ఎంఎస్ పంపాం. టెలికాం శాఖ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోనూ ఇదే చూసుకోవచ్చు. ఆ నంబర్ బ్లాక్‌లిస్ట్‌లో ఉందనో, డూప్లికేట్ అనో జవాబు వస్తే ఫోన్ ఎంత బాగున్నా కొనకూడదు. దొంగిలించిన ఫోన్ అని యజమాని ఫిర్యాదు చేసి బ్లాక్ చేయిస్తే దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా అది పనిచేయదు. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది కూడా కొన్నవాళ్ల దగ్గరికే.

చివరిగా, కుర్రాడి చేతే అతని గూగుల్ ఖాతా, ఫోన్ లాక్ తీయించి, సెట్టింగ్స్‌లోంచి ఫ్యాక్టరీ రీసెట్ చేయించాం. ఐఫోన్ అయితే ఇక్కడ ఫైండ్ మై ఆపించి, యాపిల్ ఖాతాలోంచి సైన్ అవుట్ చేయించాలి. ఫోన్ తిరిగి తెరుచుకున్నాక మావాడి ఖాతాతో మొదటి పేజీ దాకా వెళ్లేవరకూ అక్కడే కూర్చున్నాం. వాయిదాల మీద కొని ఇంకా బాకీ ఉన్న ఫోన్ అయితే ఫైనాన్స్ కంపెనీ లాక్ యాప్ చాలాసార్లు ఈ దశలో బయటపడుతుంది. అది కూడా లేదని చూసుకుని, ఐఎంఈఐ నంబర్ రాసిన కాగితం మీద కుర్రాడి సంతకం తీసుకుని, అప్పుడు మావాడు యూపీఐలో 7500 పంపాడు.

మీరు కొనేటప్పుడు రీసెట్ తర్వాత తెర మీద పాత యజమాని మెయిల్, పాస్‌వర్డ్ అడిగితే, "ఇంటికెళ్లాక పంపిస్తా" అన్న మాట మీద మాత్రం డబ్బు చెల్లించకండి. ఆ పాస్‌వర్డ్ రాకపోతే ఆ ఫోన్ మీ చేతిలో తెరుచుకోదు.